వెయ్యింట మూడు వంతులే కదా!

స్టార్టప్ కుర్రాళ్ల కాగితాల్లో రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు వృత్తాలు కనిపిస్తాయి. పెద్ద వృత్తంలో వేల కోట్లు, మధ్యదానిలో వందల కోట్లు, చిన్నదానిలో వాళ్ల కంపెనీకి రాబోయే ఆదాయం. పెద్ద వృత్తంతో పోలిస్తే చిన్నది మరీ చిన్నగా ఉంటుంది కాబట్టి చూసేవాడికి ఇంతే కదా అనిపిస్తుంది. అలా అనిపించాలనే ఆ బొమ్మ గీస్తారు.

బ్యాంకులో అప్పుల కాగితాలు చదివి రిటైరయ్యాక, స్టార్టప్‌లలో సొంత డబ్బు పెట్టే కొందరు హైదరాబాద్ మిత్రులకు ఇప్పుడు ఈ కాగితాలు చదివిపెడుతున్నాను. వ్యాపారం ఏదైనా లెక్క తీరు ఒకటే కనుక ఇక్కడ ఒక్క ఉదాహరణే తీసుకుంటాను. రొయ్యల చెరువులో మేత తనంతట తానే చల్లే యంత్రం, నీటిలో ఆక్సిజన్ చూసే సెన్సార్, రైతు ఫోన్‌లో యాప్. యంత్రం కంపెనీదే. రైతు పంటకు 15,000 రూపాయలు అద్దె కడతాడు. మూడో ఏడాదికి 120 కోట్ల ఆదాయం వస్తుందని, అందుకు ఇప్పుడు 8 కోట్లు కావాలని అడిగారు. కంపెనీ పేరుతో పనిలేదు. సులువుగా ఉండాలని అంకెలు గుండ్రం చేశాను.

1. రూపాయలు పక్కన పెట్టి టన్నులు అడగండి

ఆ కాగితాల్లో పెద్ద వృత్తంలో రాసింది 40,000 కోట్లు. అంకెలో అబద్ధం లేదు. 2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన ఫ్రోజెన్ రొయ్య విలువ సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా లెక్క ప్రకారం 40,013 కోట్లు. అందులో 0.3 శాతం పట్టుకుంటే 120 కోట్లు. “వెయ్యింట మూడు వంతులే కదా సార్” అన్నాడు కంపెనీ కుర్రాడు.

అయితే ఆ 40,000 కోట్లు ఎవరు ఎవరికి ఇచ్చిన డబ్బు? అమెరికాలోనో చైనాలోనో ఉన్న కొనుగోలుదారు మన ఎగుమతిదారుకు ఇచ్చినది. అందులో ప్రాసెసింగ్ ప్లాంటు ఖర్చు, ఐస్, కంటైనర్ కిరాయి, మధ్యవాళ్ల లాభం, రైతుకు వచ్చిన ధర, ఆ ధరలో మేత ఖర్చు, అన్నీ ఉన్నాయి. మేత చల్లే యంత్రానికి రైతు ఇచ్చే అద్దె ఆ వరుసలో ఎక్కడో అట్టడుగున ఉంటుంది. అమ్మే వస్తువుకు సంబంధం లేని మొత్తంలో శాతం తీస్తే ఎంత చిన్న శాతమైనా దానికి అర్థం ఉండదు.

రూపాయలతో ఇంకో చిక్కుంది. 2022-23లో ఎగుమతైన రొయ్య 7,11,099 టన్నులు, వచ్చింది 548 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది 7,16,004 టన్నులు, వచ్చింది 488 కోట్ల డాలర్లు. సరుకు కాస్త పెరిగింది, డబ్బు బాగా తగ్గింది. రొయ్య ధర పడిపోయినంత మాత్రాన చెరువుల సంఖ్య తగ్గదు, యంత్రం అద్దె తగ్గదు. కాబట్టి ధరతో పాటు ఊగే అంకెను పునాదిగా పెట్టుకోకూడదు. బరువు, ఎకరాలు, చెరువులు వీటినే పెట్టుకోవాలి. అవి కూడా మారతాయి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు పిల్ల వెయ్యాలా వద్దా అని రైతులు తటపటాయించారు. అయినా ధర మారినంత విసురుగా చెరువులు మారవు.

2. పైనుంచి దిగితే చెరువు గట్టు దాకా దిగండి

పైనుంచి కిందికి లెక్క వేయడాన్ని ఈ మధ్య చాలామంది చిన్నచూపు చూస్తున్నారు. నా ఉద్దేశంలో తప్పు ఆ పద్ధతిది కాదు, సగం మెట్ల మీద ఆగిపోవడానిది. దిగవలసిన మెట్లన్నీ దిగుదాం.

ఎగుమతైన ఏడు లక్షల టన్నులు చాలావరకు తల తీసి, ఒలిచిన బరువు. చెరువులో పట్టినప్పటి బరువు అంతకంటే ఎక్కువ. సముద్రంలో పట్టిన రొయ్య కొంత తీసేసి, తల, పెంకు బరువు కలుపుకుంటే చెరువు రొయ్య 10 లక్షల టన్నులని పట్టుకోవచ్చు. అందులో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది కనుక పదింట ఏడు వంతులు, అంటే 7 లక్షల టన్నులు ఇక్కడివే అనుకుందాం. ఇవి అంచనాలు. అంచనా అని పక్కన రాసుకుంటే చాలు, రేపు ఇంతకంటే మంచి అంకె దొరికితే దిద్దుకోవచ్చు.

ఇక ఎకరా. వెనామీ రైతు ఎకరాకు లక్షన్నర పిల్ల వేశాడనుకోండి. నూటికి డెబ్బై బతికితే 1,05,000. యాభై కౌంట్‌కు, అంటే కిలోకు యాభై తూగే సైజుకు వచ్చాక పట్టుబడి చేస్తే 2,100 కిలోలు. ఏడాదికి కొందరు రెండు పంటలు తీస్తారు, కొందరు ఒకటితో సరిపెడతారు. సగటున ఒకటిన్నర అనుకుంటే ఎకరాకు ఏడాదికి మూడు టన్నులు దాటుతుంది. ఏడు లక్షల టన్నులను దానితో భాగిస్తే సుమారు 2.2 లక్షల ఎకరాలు. సగటు చెరువు ఎకరంన్నర అనుకుంటే లక్షన్నర చెరువులు.

పంటకు 15,000 చొప్పున, ఏడాదికి పంటన్నర కాబట్టి ఒక్కో చెరువు మీద అద్దె 22,500. లక్షన్నర చెరువుల్లోనూ ఈ యంత్రమే తిరిగినా వచ్చేది ఏడాదికి దాదాపు 340 కోట్లు. పెద్ద వృత్తంలో ఉండాల్సిన అంకె ఇది. 40,000 కోట్లు కాదు.

ఈ లెక్కను ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. కిలో రొయ్యకు సుమారు 1.3 కిలోల మేత పడుతుంది. పది లక్షల టన్నుల రొయ్యకు 13 లక్షల టన్నుల మేత కావాలి. మేత కంపెనీల్లో స్టాక్ మార్కెట్లో ఉన్నవి ఉన్నాయి, వాటి వార్షిక నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. వాటి అమ్మకాలు, మార్కెట్లో వాటి వాటా చూసుకుంటే మన 13 లక్షలు దరిదాపుల్లో ఉందో లేదో తేలుతుంది. రెండు దారుల్లో వచ్చిన అంకెల మధ్య తేడా ఇరవై ముప్పై శాతంలో ఉంటే ముందుకు వెళ్తాను. రెట్టింపు తేడా ఉంటే ఏదో మెట్టు తప్పిందని మళ్లీ మొదలుపెడతాను.

3. శాతాన్ని తలల లెక్కలోకి మార్చండి

వాళ్లు చెప్పిన 120 కోట్లను 22,500తో భాగించండి. 53,000 చెరువులు దాటుతాయి. రాష్ట్రంలో ఉన్న లక్షన్నరలో మూడో వంతు కంటే ఎక్కువ. ఎగుమతి విలువలో వెయ్యింట మూడు వంతులే అన్నది, గట్టు మీదికి వచ్చేసరికి ప్రతి మూడు చెరువుల్లో ఒకటి అయింది. అదే 120 కోట్లు. కింద పెట్టిన అంకె మారింది, అంతే.

ఇంకో భాగహారం. యంత్రం తయారీకి 35,000 అవుతుందని వాళ్ల కాగితాల్లోనే ఉంది. అద్దెకిచ్చేది కాబట్టి ఆ పెట్టుబడి కంపెనీ నెత్తినే పడుతుంది. 53,000 యంత్రాలకు 185 కోట్లు కావాలి. అడిగింది 8 కోట్లు. జీతాలు, అద్దెలు ఏమీ లేకుండా మొత్తం యంత్రాలకే పోసినా 2,300 కూడా రావు. ఆదాయం పేజీ ఒకరు, పెట్టుబడి పేజీ ఇంకొకరు రాసినట్టున్నారు. నాకు కనిపించే కాగితాల్లో సగానికి సగం ఇలాగే ఉంటాయి. ఈ ఒక్క పరీక్షకు మార్కెట్ గురించి ఏమీ తెలియనక్కరలేదు, వాళ్ల కాగితాలు వాళ్లకే చూపిస్తే సరిపోతుంది.

4. కింద నుంచి ఎక్కేటప్పుడు అమ్మే మనిషితో మొదలుపెట్టండి

కింద నుంచి పైకి లెక్క అనగానే కుర్రాళ్లు ధరను కస్టమర్ల సంఖ్యతో గుణించి చూపిస్తారు. కస్టమర్ల సంఖ్య ఎక్కడిదంటే పైనుంచి తీసిన శాతమే. అంటే అదే లెక్కను చొక్కా మార్చి తెచ్చారన్నమాట. నిజంగా కింద నుంచి అంటే గట్టు మీదికి బండేసుకుని వెళ్లే ఫీల్డ్ కుర్రాడి రోజుతో మొదలవ్వాలి.

ఆ కుర్రాడు ఎప్పుడు అమ్మగలడు? చెరువు ఎండగట్టి, నీరు పెట్టి, పిల్ల వేసే ముందు వెనకల కొన్ని వారాలు. పంట మధ్యలో ఉండగా రైతు కొత్త యంత్రం దించడు. మేత పద్ధతి మారితే రొయ్య మేత తీసుకుంటుందో లేదోనన్న భయం. పట్టుబడి దగ్గర పడ్డాక అసలే మాట్లాడడు. కాబట్టి ఏడాదిలో అమ్మకానికి పనికొచ్చే నెలలు ఆరు మించవు. ఆ నెలల్లో మనిషి నెలకు నాలుగు చెరువులు ఒప్పించగలిగాడని, అంతకుముందు ఏడాది వాళ్ల సొంత పుస్తకమే చెప్పింది. ఏడాదికి 24 చెరువులు.

వాళ్ల ప్రణాళికలో మొదటి ఏడాది 10 మంది, రెండో ఏడాది 25, మూడో ఏడాది 50 మంది ఫీల్డ్ సిబ్బంది ఉన్నారు. యంత్రం పెట్టిన రైతుల్లో మరుసటి ఏడాది నూటికి అరవై మంది కొనసాగుతున్నారు. మొదటి ఏడాది 240 చెరువులు. రెండో ఏడాది కొత్తవి 600, పాతవాటిలో మిగిలినవి 144, కలిపి 744. మూడో ఏడాది కొత్తవి 1,200, మిగిలినవి 446, కలిపి 1,646. ఆదాయం 3 కోట్ల 70 లక్షలు. 53,000 చెరువులు కావాలంటే ఇదే వేగంతో రెండు వేల మందికి పైగా ఫీల్డ్‌లో ఉండాలి. నెలకు పాతిక వేల జీతమైనా ఏడాదికి 60 కోట్లు దాటుతుంది.

ఇక్కడ ఒక్కో అంకెను కదిపి చూడటం నాకిష్టం. కొనసాగేవాళ్లను అరవై నుంచి ఎనభై శాతానికి పెంచితే మూడో ఏడాది ఆదాయం 3.7 నుంచి 4.1 కోట్లకు మాత్రమే వెళ్తుంది. మనిషి అమ్మే చెరువులు 24 నుంచి 48కి పెరిగితే 7.4 కోట్లవుతుంది. అంటే ఈ వ్యాపారం మూడేళ్ల భవిష్యత్తు ఫీల్డ్ మనిషి ఏడాదికి ఎన్ని చెరువులు అమ్మగలడన్న దాని మీదే వేలాడుతోంది. మిగతా ప్రశ్నలు మాని అదొక్కటి తవ్వాలి. ఇరవై చెరువులున్న పెద్ద రైతును ఒక్కసారి ఒప్పిస్తే ఇరవై ఒకేసారి వస్తాయి. అలాంటి రైతులు ఎందరున్నారో పేర్లతో జాబితా అడిగాను. యాప్‌లో కొత్త ఫీచర్ల గురించి చెప్పారు.

5. రెండు అంకెల మధ్య ఖాళీలోకి వెళ్లండి

పైనుంచి వచ్చిన 340 కోట్లు రాష్ట్రం మొత్తానిది. భీమవరం, కైకలూరు కేంద్రాలుగా వాళ్లు సర్వీసు ఇవ్వగల చెరువులు 40,000 అనుకున్నాం. యంత్రం చెడిపోతే ఆ పూటకే మనిషి వెళ్లాలి, పస్తు పెడితే రొయ్య ఊరుకోదు, ఒకదాన్నొకటి కొరుక్కుంటుంది. అందువల్ల దూరం పోలేరు. అందులో అద్దె చేతి నుంచి కట్టగలవాళ్లు సగం, వాళ్లలో మూడేళ్లలో ఒప్పుకునేవాళ్లు అయిదో వంతు అనుకుంటే 4,000 చెరువులు, 9 కోట్లు. కింద నుంచి వచ్చింది 3.7 కోట్లు.

రెండూ సరిగ్గా కలవలేదు. కలవాలని నేను చూడను. సరిగ్గా కలిస్తే ఎవరో ఒకదాన్ని చూసి ఇంకోటి రాశారని అనుమానిస్తాను. 9కి, 3.7కి మధ్య ఏముందో వెతకాలి. మొదట తోచిన సమాధానం డీలర్లు. ఫీల్డ్ కుర్రాళ్లు కాక మేత డీలర్ల ద్వారా అమ్మితే సంఖ్య పెరుగుతుంది కదా, ప్రతి ఊళ్లో డీలర్ ఉన్నాడు, ప్రతి రైతూ అతని దగ్గరికే వస్తాడు. కుర్రాళ్ల ఆశ కూడా అదే.

కైకలూరు దగ్గర ఒక డీలర్‌ను అడిగాను. ఆయన నవ్వి, “మేత తగ్గుద్దని మీరే చెబుతున్నారు కదండి. మేత తగ్గితే నా కమీషన్ తగ్గదా అండి? ఆ మిషన్ నేనెందుకు పెట్టమంటానండి?” అన్నాడు.

ఆ ఒక్క మాటతో డీలర్ దారి మూసుకుపోయింది. మన దగ్గర చిన్న రైతుల్లో చాలామంది మేత అప్పుకు తెచ్చుకుంటారు, పట్టుబడి అయ్యాక డీలర్‌కు కడతారు. ఆ రైతు డీలర్ మాట కాదనలేడు. కాబట్టి అప్పుకు మేత తెచ్చే రైతు ఈ యంత్రానికి కస్టమర్ కాడు, మేత నగదుకు కొనేవాడే కస్టమర్. పైనుంచి దిగేటప్పుడు మనం సగం అనుకున్నాం. డీలర్ల పుస్తకాల్లో నగదు ఖాతాలు అంతకంటే తక్కువ కనిపించాయి. సగానికి బదులు పావు వంతు పెడితే 9 కోట్లు నాలుగున్నర కోట్లవుతాయి. కింద నుంచి వచ్చిన 3.7కు దగ్గరపడింది. ఇప్పుడు ఆ రెండు అంకెలను నమ్ముతాను.

పొదుపు లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎకరంన్నర చెరువుకు పంటకు నాలుగు టన్నుల మేత, కిలో 95 చొప్పున 3,80,000. పది శాతం మిగిలితే 38,000, అద్దె 15,000, రైతు సంతోషంగా కడతాడు. అయిదు శాతమే మిగిలితే 19,000. నాలుగు వేల కోసం ఎవరూ కొత్త తలనొప్పి తెచ్చుకోరు. కుర్రాళ్లు చెప్పింది పది. పక్కపక్క చెరువుల్లో ఒకే పిల్ల వేసి, ఒకదానికి యంత్రం పెట్టి, ఇంకోదానికి చేత్తో మేత వేసి చూసిన లెక్క అడిగితే లేదన్నారు.

6. ఉన్న మార్కెట్టే హద్దు అనుకోవద్దు

ఇంతవరకు చదివి, ఈ ముసలాయన ప్రతిదాన్నీ చిన్నది చేసి చూపిస్తాడని అనుకోవచ్చు. దానికి ఎదురు సాక్ష్యం నేనే చెబుతాను. 2014లో న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్ ప్రపంచ టాక్సీ మార్కెట్‌ను 10,000 కోట్ల డాలర్లుగా తీసుకుని, ఉబర్ విలువ 590 కోట్ల డాలర్లకు దగ్గరగా తేల్చారు. పెట్టుబడిదారులు అప్పటికే 1,700 కోట్ల డాలర్ల విలువ కట్టారు. ఉబర్‌లో డబ్బు పెట్టిన బెంచ్‌మార్క్ సంస్థ భాగస్వామి బిల్ గర్లీ బహిరంగంగా జవాబు రాశాడు. కారు తేలిగ్గా దొరికితే టాక్సీ ఎక్కనివాళ్లూ ఎక్కుతారని, సొంత కారు మానేసేవాళ్లూ ఉంటారని, పాత టాక్సీల ఆదాయాన్ని హద్దుగా పెట్టకూడదని ఆయన వాదన. 2019లో ఉబర్ షేరు 45 డాలర్ల చొప్పున మార్కెట్‌కు వచ్చినప్పుడు విలువ 8,000 కోట్ల డాలర్లు దాటింది.

గర్లీ తన డబ్బు ఉన్నచోటును సమర్థించుకున్నాడన్నది నిజమే. వాదన మాత్రం సరైనది. కాకపోతే అది అన్నిటికీ అతకదు. కొత్తగా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపగలిగితేనే పాత హద్దు దాటొచ్చు. ఆటో ఫీడర్ వల్ల కొత్త చెరువులు తవ్వరు, రొయ్య తినేవాళ్లు పెరగరు. వచ్చే డబ్బంతా మిగిలిన మేతలోంచే రావాలి. అందుకే ఇక్కడ లక్షన్నర చెరువులే హద్దు.

7. గడిచిన ఏడాది ఆదాయాన్నీ ఇదే త్రాసులో పెట్టండి

భవిష్యత్తు గురించి వాదించుకోవచ్చు, గడిచినదానికి వాదన అక్కర్లేదు. నిరుడు 6 కోట్ల ఆదాయం వచ్చిందని రాశారు. అద్దె 22,500తో భాగిస్తే 2,600కు పైగా చెరువులు రావాలి. ప్రతి యంత్రంలో ఒక సిమ్ కార్డు ఉంటుంది, అది నెల నెలా డేటా వాడుతుంది. టెలికాం కంపెనీ బిల్లు అడిగాను. నడుస్తున్న సిమ్‌లు 230 చిల్లర. అద్దె లెక్కన అవి 50 లక్షల ఆదాయం.

మిగతా అయిదున్నర కోట్లు ఏమిటంటే, యాప్ ద్వారా కొందరు పెద్ద రైతులు ఆర్డర్ చేసిన మేత విలువ. మేత కంపెనీ పంపింది, రైతు కట్టింది, వీళ్లకు వచ్చింది చిన్న కమీషన్. వాళ్లు మొత్తం బిల్లును ఆదాయం కింద రాశారు. సరుకు తమ అధీనంలోకి రాకుండా, ధర తాము నిర్ణయించకుండా, పాడైతే నష్టం తమ మీద పడకుండా ఉంటే అకౌంటింగ్ నియమాల ప్రకారం కమీషన్ మాత్రమే ఆదాయం. ఇలాంటప్పుడు జీఎస్‌టీ రిటర్న్‌ను, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను, సిమ్ బిల్లును పక్కపక్కన పెట్టుకుంటే ఏ వాదనా అక్కర్లేకుండా తేలిపోతుంది.

మిత్రులకు నా నివేదిక ఒక పేజీలో ఇచ్చాను. మూడో ఏడాది ఆదాయం 4 కోట్ల చుట్టూ, 120 కాదు. డీలర్ దారి లేదు. పక్కపక్క చెరువుల పరీక్ష ఒక పంటకు పూర్తి చేసి, పది శాతం పొదుపు నిజమని చూపిస్తే, 4 కోట్ల ఆదాయానికి తగిన విలువ కట్టి మళ్లీ మాట్లాడవచ్చు. ఇప్పుడున్న కాగితాల మీద 8 కోట్లు ఇవ్వకూడదని సంతకం చేశాను. మిత్రులు ఇవ్వలేదు.